పుస్తకాలు మూసేశాక బయటపడిన తప్పు పద్దు: అద్దెలోకి వెళ్లిన మరమ్మతుల ఖర్చు
(చిన్న కంపెనీల అకౌంటెంట్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం, రాతరూపంలో)

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క తప్పు గురించే మాట్లాడతాను. డబ్బు సరైన మనిషికే వెళ్లింది, మొత్తం సరిగ్గానే ఉంది, బిల్లు ఉంది, బ్యాంకు కూడా కలిసింది. ఖర్చు రాసిన ఖాతా మాత్రం వేరు. అది తెలిసేసరికి ఆ సంవత్సరం పుస్తకాలు మూసేశారు, ఆడిటర్ సంతకం అయిపోయింది. ఇప్పుడు ఏం చేయాలి?

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకోండి. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు గుండ్రంగా తీసుకున్నాను, జీఎస్టీ పక్కన పెట్టాను. అమ్మకాలు ఏడాదికి 5 కోట్లు. ఒక గోడౌన్ అద్దెకు తీసుకున్నారు, నెలకు 50,000. అంటే 2023-24లో అద్దె 6,00,000. 2023 నవంబర్‌లో ఆ గోడౌన్ పైకప్పు రేకులు మార్పించి ఒక కాంట్రాక్టర్‌కి 1,85,000 ఇచ్చారు. టీడీఎస్ కాంట్రాక్టర్ల సెక్షన్ 194సి కింద 1 శాతం, అంటే 1,850 పట్టుకుని, మిగతా 1,83,150 బ్యాంకు నుంచి పంపారు. అంతవరకూ అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

వోచర్ వేసేటప్పుడు కుర్రాడు ట్యాలీలో Godown Re అని కొట్టి ఎంటర్ నొక్కాడు. జాబితాలో Godown Rent, Godown Repairs రెండూ ఉన్నాయి. అక్షర క్రమంలో Rent ముందు వస్తుంది కాబట్టి అదే పడింది. మరమ్మతుల ఖర్చు అద్దెలోకి వెళ్లింది. మీలో ట్యాలీ వాడేవాళ్లందరికీ ఇది ఎలా జరుగుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్కపక్కన వచ్చే పేర్లున్న లెడ్జర్లలో ఈ రకం తప్పులు ఎక్కువ. పేర్లు పెట్టేటప్పుడే Rent - Godown, Repairs - Godown అని మొదటి అక్షరాలు దూరంగా ఉండేలా పెట్టుకుంటే సగం తప్పులు పుట్టనే పుట్టవు.

ఈ తప్పు ట్రయల్ బ్యాలెన్స్‌లో దొరకదు. డెబిట్ డెబిట్‌గానే ఉంది, మొత్తాలు కలుస్తాయి. బ్యాంకు రీకన్సిలియేషన్‌లో దొరకదు. లాభం మారలేదు కాబట్టి లాభనష్టాల ఖాతా చూసినా అనుమానం రాదు. మరి ఎక్కడ దొరుకుతుంది? టీడీఎస్ రిటర్న్‌ని లెడ్జర్‌తో పోల్చినప్పుడు. ఈ కంపెనీలో 2025 జనవరిలో, మూడో త్రైమాసికం 26క్యూ తయారు చేస్తూ అకౌంటెంట్ పోయినేడాది అద్దె ఎంతో చూశారు. లెడ్జర్‌లో 7,85,000 ఉంది. పోయినేడాది నాలుగు త్రైమాసికాల రిటర్న్‌లలో 194ఐ కింద, అంటే అద్దె సెక్షన్ కింద, చూపింది 6,00,000. తేడా 1,85,000. లెడ్జర్ తెరిచి చూస్తే పన్నెండు ఎంట్రీలు ఉండాల్సిన చోట పదమూడు ఉన్నాయి.

అద్దె, ఇన్సూరెన్స్, ఆడిట్ ఫీజు, కరెంటు బిల్లు లాంటివి ఏడాదికి ఎన్నిసార్లు రావాలో ముందే తెలిసిన ఖర్చులు. వాటి లెడ్జర్లలో మొత్తం కంటే ముందు ఎంట్రీల లెక్క చూడండి. మొత్తం చూస్తే ధర పెరిగిందేమో అనుకుంటాం. పదమూడో ఎంట్రీకి అలాంటి సాకు ఉండదు. ఈ పని మార్చి నెలాఖరులోనే చేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

సరే, దొరికింది. అకౌంటెంట్‌కి మొదట తోచేది, నూటికి తొంభై మందికి తోచేది ఒక్కటే. ఇవాళ్టి తేదీతో ఒక జర్నల్ వేసేద్దాం: గోడౌన్ మరమ్మతులు డెబిట్ 1,85,000, గోడౌన్ అద్దె క్రెడిట్ 1,85,000. నేరేషన్‌లో ‘పోయినేడాది పొరపాటు సవరణ’ అని రాసేద్దాం. పుస్తకంలో చదువుకున్న తప్పుల సవరణ ఇదే కదా అనిపిస్తుంది. ఈ ఎంట్రీ వేయకూడదు. ఎందుకు వేయకూడదో ఈ పూట మీకు బాగా అర్థం కావాలని నా కోరిక. అందుకే నిదానంగా చెప్తాను.

2024 మార్చి 31 రాత్రితో అద్దె ఖాతా, మరమ్మతుల ఖాతా రెండూ లాభనష్టాల ఖాతాలోకి వెళ్లిపోయాయి. ఆ రెండిట్లోనూ నిల్వ సున్నా అయింది. పాత రోజుల్లో చేతిరాత పుస్తకాల్లో ఈ ముగింపు ఎంట్రీని గుమస్తా స్వయంగా రాసేవాడు కాబట్టి ఆ సంగతి అతనికి గుర్తుండేది. ట్యాలీలో ఎవరూ ఆ ఎంట్రీ వేయరు. కాలాన్ని ఏప్రిల్ 1 నుంచి పెట్టి చూస్తే ఖర్చు లెడ్జర్ దానంతట అదే సున్నాతో మొదలవుతుంది. అందుకే చాలామందికి పుస్తకాలు మూయడం అంటే ఏమిటో కంటికి కనపడకుండా పోయింది.

2024 ఏప్రిల్ 1న అద్దె ఖాతాలో ఆ 1,85,000 లేదు. లేనిదాన్ని మనం క్రెడిట్ చేసి తీసేయలేం. మీరు క్రెడిట్ చేస్తే అది ఈ సంవత్సరం అద్దెలోంచి పోతుంది. అంకెల్లో చూడండి. 2024-25లో అద్దె నెలకు 55,000కి పెరిగింది, ఏడాదికి 6,60,000. మీ సవరణ ఎంట్రీ తర్వాత ఈ ఏడాది అద్దె ఎంత కనపడుతుంది? 4,75,000. అసలు అద్దె 6,00,000 నుంచి 6,60,000కి పెరిగితే, పుస్తకాల్లో 7,85,000 నుంచి 4,75,000కి పడిపోయినట్టు కనిపిస్తుంది. మరమ్మతులు కూడా అంతే. పోయినేడాది పుస్తకాల్లో ఉన్నవి 70,000, అసలు ఉండాల్సింది 2,55,000. ఈ ఏడాది అసలు ఖర్చు 90,000, ఎంట్రీ తర్వాత కనిపించేది 2,75,000. ఒక సంవత్సరంలో ఉన్న తప్పుని మీరు రెండు సంవత్సరాలకి పాకించారు. పైగా ఈసారి 194ఐ రిటర్న్ 6,60,000 చెప్తుంటే లెడ్జర్ 4,75,000 చెప్తుంది. వచ్చే ఏడాది ఇంకో అకౌంటెంట్ మళ్లీ ఇదే తేడా పట్టుకుని తల బద్దలు కొట్టుకుంటాడు.

మరి రెండో దారి. పాత తేదీకి వెళ్లి ఆ నవంబర్ వోచర్‌నే తెరిచి లెడ్జర్ మార్చేస్తే? ట్యాలీ అడ్డుపడదు. లాభం మారదు, బ్యాలెన్స్ షీట్ మారదు, ఎవరికి తెలుస్తుంది అనిపిస్తుంది. కానీ బోర్డు ఆమోదించి, ఆడిటర్ సంతకం పెట్టి, సెప్టెంబర్‌లో వార్షిక సర్వసభ్య సమావేశం స్వీకరించిన లెక్కలు ఒకటి. వాటి వెనక ఉన్న పుస్తకాలు ఇప్పుడు ఇంకొకటి. కంపెనీల చట్టం సెక్షన్ 128 ప్రకారం ఆ పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. మధ్యలో ఏ నోటీసో వచ్చి 2023-24 అద్దె లెడ్జర్ కాపీ ఇవ్వమంటే, మీరు తీసిచ్చే కాగితంలో 6,00,000 ఉంటుంది, దాఖలు చేసిన లెక్కల్లో 7,85,000 ఉంటుంది. నిజంగా ఏ దురుద్దేశం లేని తప్పు, ఆ క్షణంలో దురుద్దేశంలా కనిపిస్తుంది.

అదీగాక 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. ట్యాలీలో ఎడిట్ లాగ్ అనేది అదే. ఆ సదుపాయం ఏడాది పొడుగునా పనిచేసిందా, దాన్ని ఎవరైనా కదిపారా అని ఆడిటర్ తన రిపోర్ట్‌లో రాయాలి. 2023 నవంబర్ వోచర్ 2025 జనవరిలో మారింది అని ఆ లాగ్ చెప్తూనే ఉంటుంది. లెక్కలు సంతకమైన మరుక్షణం పాత సంవత్సరానికి కటాఫ్ తేదీ పెట్టి తాళం వేయమని నేను ప్రతి చోటా పట్టుబట్టేది ఇందుకే. అది మీ రక్షణకే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, పుస్తకాలు మూశాం అంటే ఎంతవరకు మూశాం అని. ఇదే తప్పు 2024 మే నెలలో దొరికిందనుకోండి. ఆఫీసులో మనం మూసేశాం అనుకున్నా బోర్డు ఆమోదం కాలేదు, ఆడిటర్ సంతకం కాలేదు. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 2024 మార్చి 31 తేదీతో జర్నల్ వేయండి: మరమ్మతులు డెబిట్, అద్దె క్రెడిట్. అసలు వోచర్‌ని మాత్రం ముట్టుకోకండి. నేరేషన్‌లో అసలు వోచర్ నంబర్, తేదీ, కాంట్రాక్టర్ బిల్లు నంబర్, ఎవరు చూసి ఒప్పుకున్నారు అన్నది రాయండి. ‘తప్పు సవరణ’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే మూడేళ్ల తర్వాత అది ఎవరికీ పనికిరాదు. ఆ తర్వాత ట్రయల్ బ్యాలెన్స్ కొత్త ప్రతి ఆడిటర్‌కి పంపి, పాతది వెనక్కి తీసుకోండి. ఈలోపు బ్యాంకుకి తాత్కాలిక లెక్కలు ఇచ్చి ఉంటే వాళ్లకీ కొత్తవి ఇవ్వాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

మన కేసులో ఆ అవకాశం దాటిపోయింది. లెక్కలు సభ్యుల ముందుకు వెళ్లి ఆమోదమయ్యాయి. పాత లెక్కల్నే అధికారికంగా మార్చాలంటే సెక్షన్ 131 కింద కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతి కావాలి. రెండు ఖర్చుల మధ్య 1,85,000 మారినందుకు ఎవరూ అక్కడిదాకా వెళ్లరు, వెళ్లాల్సిన పనీ లేదు.

చేయాల్సింది ఇది. లెడ్జర్లలో ఏ ఎంట్రీ వేయొద్దు, పాత సంవత్సరంలోనూ వద్దు, కొత్త సంవత్సరంలోనూ వద్దు. 2024-25 లెక్కలు తయారు చేసేటప్పుడు పక్కన గత సంవత్సరం అంకెల కాలమ్ ఒకటి ఉంటుంది కదా, షెడ్యూల్ 3 ప్రకారం అది తప్పనిసరి. ఆ కాలమ్‌లో అద్దె 7,85,000 బదులు 6,00,000 వేయండి. మరమ్మతులు 70,000 బదులు 2,55,000 వేయండి. మొత్తం ఖర్చు అదే, లాభం అదే. కింద నోట్స్‌లో సాదా మాటల్లో ఇలా ఉండాలి: ‘గత సంవత్సరం గోడౌన్ అద్దెలో చేరిన రూ.1,85,000 మరమ్మతుల ఖర్చును ఇక్కడ గత సంవత్సరం కాలమ్‌లోనే మరమ్మతుల కింద చూపాము. దీనివల్ల గత సంవత్సరం లాభంలో మార్పు లేదు.’

ఇక్కడ నాదో గట్టి అభిప్రాయం ఉంది. మన కంపెనీల నోట్స్ చివర ‘గత సంవత్సరం అంకెలను అవసరమైన చోట తిరిగి వర్గీకరించాము’ అని ఒక వాక్యం ఏటా కాపీ అవుతూ వస్తుంటుంది. ఆ వాక్యం ఏమీ చెప్పదు. ఏ అంకె, ఎంత, ఎక్కణ్నుంచి ఎక్కడికి అన్నది చెప్పాలి. ఈ కంపెనీలో అది ఇంకా ముఖ్యం. రాబడిలో 1 శాతం లేదా 1,00,000, రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్ని దాటిన ఖర్చుని నోట్స్‌లో విడిగా చూపాలన్నది నియమం. 5 కోట్లలో 1 శాతం అంటే 5,00,000. అద్దె ఆ గీత దాటింది కాబట్టి విడిగా కనిపిస్తుంది. లోన్ రెన్యువల్‌కి వచ్చిన బ్యాంకు ఆఫీసర్ పోయినేడాది లెక్కల్లో 7,85,000 చూసి, ఈ ఏడాది లెక్కల్లో అదే సంవత్సరానికి 6,00,000 చూస్తే అడుగుతాడు. జవాబు ఆ కాగితంలోనే ఉండాలి.

ట్యాలీ నుంచి నేరుగా తీసే రిపోర్ట్‌లో పోయినేడాది అద్దె ఎప్పటికీ 7,85,000 గానే వస్తుంది. వోచర్ మార్చలేదు కాబట్టి అలాగే రావాలి. సవరణ మీరు లెక్కల షీట్‌లో చేత్తో చేస్తారు. ఆ సంగతి ఆఫీసులో నిలిచి ఉండటానికి ఒక మెమొరాండం వోచర్ వేసి పెట్టుకోవచ్చు. అది లెడ్జర్ నిల్వల్ని కదిలించదు. దానికి కాంట్రాక్టర్ బిల్లు, పాత వోచర్ ప్రింటు, ఆడిటర్ మెయిల్ జతచేసి ఫైల్‌లో పెట్టండి.

టీడీఎస్ సంగతి కూడా ఒకసారి చూడాలి. మన కేసులో బిల్లు చూసి 194సి కింద పట్టారు, రిటర్న్‌లోనూ అలాగే చూపారు, ఇబ్బంది లేదు. కానీ లెడ్జర్ చూసి టీడీఎస్ పట్టే ఆఫీసులు ఉంటాయి. అక్కడ తప్పు తిరగబడిందనుకోండి, అంటే అద్దె మరమ్మతుల్లో పడి, 10 శాతం పట్టాల్సిన చోట 1 శాతమే పట్టారు. అప్పుడు లాభం మారకపోయినా బాధ్యత ఉంటుంది. తక్కువ పట్టిన పన్ను మీద, పట్టాల్సిన తేదీ నుంచి నెలకు 1 శాతం వడ్డీ నడుస్తూ ఉంటుంది. దాన్ని వచ్చే ఏడాది నోట్‌దాకా ఆపకండి, దొరికిన రోజే లెక్క తేల్చండి.

ఇక్కడిదాకా రెండూ ఖర్చు ఖాతాలే అయిన కేసు. ఇప్పుడు కథ కొంచెం మారుద్దాం. అదే 1,85,000 రేకులకి కాకుండా ఒక ఎలక్ట్రానిక్ కాటా కొన్నందుకు ఇచ్చారనుకోండి. 2023 అక్టోబర్ 1న కొని బిగించారు, వోచర్ మాత్రం మరమ్మతుల్లో పడింది. ఇప్పుడు ఎంట్రీ వేయాలా? వేయాలి. ఎందుకంటే ఖర్చు ఖాతా మార్చి 31తో సున్నా అయిపోయినా, కాటా గోడౌన్‌లో ఉంది, రోజూ బస్తాలు తూస్తోంది. బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం లేదు. పోయినేడాది లాభం కూడా తక్కువ చూపారు. నేను ఎప్పుడూ అడగమనే ప్రశ్న ఇదే: ఆ రెండు ఖాతాల్లో ఏదైనా ఏప్రిల్ 1న నిల్వతో ఉండాల్సిందా? ఉండాల్సింది అయితే కొత్త సంవత్సరంలో ఎంట్రీ ఉంటుంది. రెండూ సున్నా కావాల్సినవే అయితే ఉండదు.

ఎంట్రీ ఎలా? కాటాకి ఉపయోగకాలం 15 ఏళ్లు, చివర 5 శాతం విలువ మిగులుతుంది అనుకుందాం. స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో ఏడాదికి తరుగుదల సుమారు 11,717. పోయినేడాది ఆరు నెలలకి 5,858. కాబట్టి 2024-25లో: కాటా డెబిట్ 1,85,000, తరుగుదల నిధి క్రెడిట్ 5,858, గతకాలపు అంశం క్రెడిట్ 1,79,142. క్రెడిట్ మరమ్మతుల ఖాతాకి కాదు, గమనించండి. అకౌంటింగ్ స్టాండర్డ్ 5 దీన్ని ప్రయర్ పీరియడ్ ఐటమ్ అంటుంది, లాభనష్టాల ఖాతాలో విడిగా, దాని స్వభావం, మొత్తం తెలిసేలా చూపమంటుంది. ఇండ్ ఏఎస్ పాటించే పెద్ద కంపెనీ అయితే, మొత్తం వాళ్ల లెక్కలకి గణనీయమైనదైతే, ఈ ఏడాది లాభంలో చూపకుండా పాత అంకెల్నే కాలమ్‌లో సరిచేస్తారు.

ఆదాయపు పన్ను దీనికి వేరే పని. ఆ సంవత్సరానికి 1961 చట్టమే వర్తిస్తుంది. ఖర్చుగా తీసేసుకుంది 1,85,000. నిజానికి దొరకాల్సింది తరుగుదల మాత్రమే: 180 రోజులకి పైగా వాడారు కాబట్టి 15 శాతం, అంటే 27,750. ఆదాయం 1,57,250 తక్కువ చూపారు. 2024 డిసెంబర్ 31 లోపు దొరికి ఉంటే రివైజ్డ్ రిటర్న్ సరిపోయేది. జనవరిలో దొరికింది కాబట్టి మిగిలింది అప్‌డేటెడ్ రిటర్న్, పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతంతో. అది కట్టాక ఈ ఏడాది కంప్యుటేషన్‌లో ఆ 1,79,142ని ఆదాయంలోంచి తీసేయడం మర్చిపోతే, ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను కడతారు. తరుగుదల తర్వాత మిగిలిన విలువని ఆస్తుల బ్లాకులో ఎక్కించడం కూడా అప్పుడే చేయాలి.

వెనక వరసలోంచి ఒకరు అడుగుతున్నారు, రెండూ ఖర్చులే అయితే పన్ను ఎప్పుడూ మారదా అని. మంచి ప్రశ్న. ఎప్పుడూ మారదు అనలేం. చట్టాన్ని ఉల్లంఘించినందుకు కట్టిన జరిమానా ‘రేట్స్ అండ్ ట్యాక్సెస్’లో పడిందనుకోండి. డైరెక్టర్ ఇంటి ఖర్చు ‘ఆఫీసు ఖర్చుల’లో పడిందనుకోండి. పుస్తకాల లాభం మారదు. పన్నులో మాత్రం జరిమానా, సొంత ఖర్చు మినహాయింపుకి పనికిరావు. ఆడిటర్ త్రీసీడీలో వాటిని విడిగా చూపాలి, తప్పు ఖాతాలో దాక్కుంటే అక్కడ కనపడవు. కాబట్టి లెడ్జర్లో ఎంట్రీ ఉండకపోయినా రిటర్న్ సవరించాల్సి రావచ్చు.

ఇంకొకరు, ‘సార్, మాది ప్రొప్రైటర్ ఫర్మ్, ఇవన్నీ మాకూ వర్తిస్తాయా’ అంటున్నారు. ఆడిట్ ట్రెయిల్ నియమం, సెక్షన్ 131, షెడ్యూల్ 3 కంపెనీలవి. మీకు లేవు. ఖర్చు ఖాతా సున్నా అయిపోవడం మాత్రం అందరికీ ఒకటే. రిటర్న్ వేసేశాక మీరు కూడా కొత్త ఏడాది అద్దెని క్రెడిట్ చేయకండి, పాత వోచర్‌ని తెరవకండి. ఒక కాగితం మీద పాత వోచర్ నంబర్, తప్పు ఖాతా, సరైన ఖాతా, మొత్తం, దొరికిన తేదీ రాసి సంతకం పెట్టి, ఆ సంవత్సరం బ్యాలెన్స్ షీట్ ఫైల్లోనే పెట్టండి. వచ్చే ఏడాది పోలికకి గత సంవత్సరం అంకెలు తీసేటప్పుడు ఆ కాగితం చూసుకుని వేయండి.